శాంక్షన్ అయిందెంత, చేతికొచ్చేదెంత?

మా పైవాటాలో ఉండే అమ్మాయి ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. మొన్న ఒక సాయంత్రం ఫోను పట్టుకుని కిందికి దిగొచ్చింది. "బాబాయిగారూ, లోను శాంక్షనయింది. ఐదు లక్షల ఇరవై వేలు. ఈఎంఐ మాత్రం ఏడొందల ముప్ఫై ఏడే పెరుగుతుందట!" అంది. కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకీ, హాస్టలుకీ కలిపి ఆమెకు కావలసింది లక్షన్నర. రెండేళ్ల కిందట తీసుకున్న పర్సనల్ లోను మీదే టాపప్ ఇస్తామని ఫోన్ చేసి మరీ చెప్పారట.

లోన్ల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ణి కనక, ఎవరైనా ఇలా చెబితే ముందు "లెటర్ ఏదమ్మా?" అని అడగడం నాకు అలవాటు. వాట్సాప్‌లో వచ్చిన ఏడు పేజీల పీడీఎఫ్ తెరిచి ఇచ్చింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో శాంక్షన్ మొత్తం, వడ్డీ రేటు, గడువు, ఈఎంఐ ఉన్నాయి. చేతికి ఎంతొస్తుందో ఆ పేజీలో ఎక్కడా లేదు. అది నాలుగో పేజీలో, ఒక పట్టికలో అడుగున ఉంది.

టాపప్ అనే మాట వినగానే పాత లోను పక్కన ఇంకో చిన్న లోను వచ్చి చేరుతుందని అనుకుంటాం. ఇంటి లోన్లలో చాలాచోట్ల జరిగేది అదే. పాత ఖాతా పాతదిగానే ఉంటుంది, టాపప్‌కి వేరే ఖాతా తెరుస్తారు, దాని గడువూ వడ్డీ దానివే. పర్సనల్ లోన్లలో పద్ధతి ఎక్కువగా వేరుగా ఉంటుంది. పెద్ద మొత్తానికి కొత్త లోను ఇచ్చి, అందులోంచి పాత లోను బాకీ తీర్చేసుకుని, మిగిలింది మన ఖాతాలో వేస్తారు. పేరుకు టాపప్, పనికి మాత్రం పాతది మూసి కొత్తది తెరవడం. లెటర్‌లో ఈ రెండింటిలో ఏది జరుగుతోందో ముందు తేల్చుకోవాలి. "పాత రుణ ఖాతా మూసివేతకు సర్దుబాటు" అనే అర్థం వచ్చే వాక్యం కనబడిందా, అది రెండో రకమే. ఈమెది అదే.

ఆమె పాత లోను ఐదు లక్షలు. 14 శాతం వడ్డీ, 60 నెలలు, ఈఎంఐ 11,634. ఇరవై నాలుగు వాయిదాలు తప్పకుండా కట్టింది. ఇంకా ముప్ఫై ఆరున్నాయి. మిగిలిన అసలు 3,40,402. ఈ అంకె లెటర్‌లో సరిగ్గానే ఉంది. అయినా ఆమె యాప్‌లో లోను స్టేట్‌మెంట్ తెరిచి, కిందటి వాయిదా కోతయ్యాక చూపించే అసలుతో సరిపోల్చాం. ఇది తప్పకుండా చేయాలి. ఎందుకంటే లెటర్ తయారైన రోజుకు ఆ నెల వాయిదా జమ పడకపోతే, ముందునెల బాకీతోనే కూడిక వేసేస్తారు.

అసలు ఒక్కటే కాదు, దానిమీద రోజువారీ వడ్డీ కూడా ఉంటుంది. వాయిదా ఐదో తారీఖున పడుతుంది. పాత ఖాతా మూసే తేదీ పదిహేడు అని లెటర్‌లో ఉంది. ఆ పన్నెండు రోజుల వడ్డీ 1,567 రూపాయలు. అంటే రోజుకు నూటముప్ఫై చిల్లర. ఇది అన్యాయమేమీ కాదు, ఆ పన్నెండు రోజులూ డబ్బు మన దగ్గరే ఉంది కదా. చూడాల్సింది మూసే తేదీ ఒక్కటే. అది వచ్చే వాయిదా తేదీకి మరీ దగ్గరగా ఉంటే ఒక చిక్కు వస్తుంది, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇక ఆ పట్టిక. శాంక్షన్ 5,20,000లోంచి పాత అసలు 3,40,402, దానిమీద వడ్డీ 1,567 పోతాయి. తరవాత పాత లోను ముందుగా మూసినందుకు చార్జీ. అసలు మీద 3 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి 12,050. ఆ తరవాత కొత్త లోనుకు ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, జీఎస్టీతో 12,272. బీమా ప్రీమియం 9,800. స్టాంపు ఖర్చు 500. అన్నీ తీసేస్తే ఆమె ఖాతాలో పడేది 1,43,409.

"అదేంటి, లక్షా ఎనభై వేలు వస్తాయన్నాడే!" అంది. ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి అబద్ధం చెప్పలేదు. శాంక్షన్‌లోంచి పాత అసలు ఒక్కటే తీసేసి చెప్పాడు. మిగతా 36 వేల సంగతి అతను ఎత్తలేదు, ఈమె అడగలేదు. తీరా చూస్తే కావలసిన లక్షన్నర కూడా రావడం లేదు.

ఆ ముప్ఫై ఆరు వేలలో నాకు బాగా చిరాకు తెప్పించింది ప్రాసెసింగ్ ఫీజు. అది 2 శాతమే, ఎక్కువేం కాదు. కానీ దేనిమీద 2 శాతం? మొత్తం ఐదు లక్షల ఇరవై వేల మీద. అందులో మూడు లక్షల నలభై వేలు ఈమెకు రెండేళ్ల కిందటే ఇచ్చిన డబ్బు. అప్పుడు దానికి ఫీజు కట్టేసింది. ఇప్పుడు అదే బాకీని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మార్చినందుకు మళ్లీ ఎనిమిది వేల పైచిలుకు. పైగా పాత లోను మూస్తున్నందుకు ఇంకో పన్నెండు వేలు. మూయించేదీ వాళ్లే, మూసినందుకు చార్జీ వేసేదీ వాళ్లే. చాలా సంస్థలు తమ దగ్గరే టాపప్ తీసుకుంటే ఈ ఫోర్‌క్లోజర్ చార్జీ వదిలేస్తాయి. కాకపోతే అడిగినవాళ్లకే. ఫ్లోటింగ్ వడ్డీ లోన్లయితే, వ్యాపారానికి కాక సొంత అవసరానికి వ్యక్తులు తీసుకున్న వాటికి ఈ చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. 2026 జనవరి 1 నుంచి శాంక్షనయ్యే లోన్లకు అది మరింత విస్తృతంగా వర్తిస్తుంది. పర్సనల్ లోన్లు ఎక్కువగా స్థిరవడ్డీవి కనక పాత ఒప్పందంలో ఏం రాసుకున్నామన్నదే అక్కడ లెక్క.

బీమా సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. లోను తీసుకున్నవాళ్లకు ఏదైనా జరిగితే బాకీ ఇంట్లోవాళ్ల మీద పడకుండా చూసే పాలసీ చెడ్డదని నేననను. కానీ ఈమె పాత లోనుతో కూడా ఇలాంటి పాలసీ ఒకటి ఇచ్చారు. ఐదేళ్ల ప్రీమియం ఒకేసారి కోసుకున్నారు. పాత లోను మూస్తే ఆ పాలసీ ఏమవుతుందని లెటర్‌లో ఒక్క ముక్క లేదు. కొన్ని పాలసీలు లోను తీరాక కూడా గడువు దాకా నడుస్తాయి, కొన్నింటిలో మిగిలిన కాలానికి కొంత డబ్బు వెనక్కి వస్తుంది. ఏదైనా సరే, పాతదాని సంగతి తేలకుండా కొత్తది కొనడం ఒకే తలకు రెండు గొడుగులు పట్టడమే.

అయితే ఈ చార్జీలన్నీ కలిపినా గడువు చేసే పని ముందు దిగదుడుపే. "ఏడొందలే పెరుగుతుంది" అన్న మాట వెనక ఉన్నది అదే.

పాత లోనుకు మిగిలింది ముప్ఫై ఆరు నెలలు. కొత్తది మళ్లీ అరవై నెలలు. అంటే కట్టేసిన రెండేళ్లను పక్కనపెట్టి గడియారాన్ని మళ్లీ సున్నాకి తిప్పారు. లక్షా ఎనభై వేల కొత్త డబ్బు ఒక్కటే ఐదేళ్లకు సాగడం లేదు. మూడేళ్లలో తీరిపోవాల్సిన మూడు లక్షల నలభై వేలు కూడా దాంతోపాటు ఐదేళ్లు సాగుతోంది. పైగా 14 శాతం మీద నడుస్తున్న ఆ బాకీ ఇప్పుడు 15 శాతంలోకి వచ్చింది.

ఇది ఎలా కనబడుతుందో ఒక్క నెల చూస్తే చాలు. పాత లోనులో తరవాతి వాయిదా 11,634లో వడ్డీ 3,971. మిగతా ఏడున్నర వేల పైచిలుకూ అసలులో తరుగుతుంది. రెండేళ్లు ఓర్చుకుని కట్టాక వచ్చే ఫలితం అది. కొత్త లోనులో మొదటి వాయిదా 12,371లో వడ్డీయే 6,500. సగానికి పైగా వడ్డీ. ఆమె మళ్లీ ఏటికెదురీతకు దిగుతోందన్నమాట.

ఇప్పుడు అసలు లెక్క. దీనికి కాలిక్యులేటర్ కూడా పెద్దగా అక్కర్లేదు. టాపప్ జోలికి పోకపోతే ఆమె ఇంకా కట్టాల్సింది 36 వాయిదాలు, 4,18,824. టాపప్ తీసుకుంటే 60 వాయిదాలు, 7,42,260. తేడా 3,23,436. చేతికి వచ్చే 1,43,409 కోసం ఆమె అదనంగా కట్టేది అంత. మొదటి మూడేళ్లు నెలకు 737 చొప్పున, ఆ తరవాత రెండేళ్లు నెలకు పూర్తి 12,371 చొప్పున. ఇలా పేర్చి చూస్తే, చేతికొచ్చిన డబ్బు మీద పడే వడ్డీ ఏడాదికి 21, 22 శాతం మధ్య తేలింది. లెటర్ మీద ఉన్నది 15.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మరి ఇక్కడ ఏపీఆర్ అని 17 వేశారు కదండీ, అదేంటి?" అంది. మంచి ప్రశ్న.

అది రిజర్వు బ్యాంకు పుణ్యం. 2024 అక్టోబరు 1 నుంచి, వ్యక్తులకిచ్చే కొత్త టర్మ్ లోన్లన్నింటికీ, పాత కస్టమర్లకు ఇచ్చే కొత్త లోన్లతో సహా, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వడం తప్పనిసరి చేశారు. వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజూ బీమా లాంటివన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చెంతో ఒకే శాతంగా అందులో చెప్పాలి. అదే ఏపీఆర్. ఆ కాగితంలో చూపించని ఏ చార్జీనీ మన స్పష్టమైన సమ్మతి లేకుండా తరవాత వసూలు చేయకూడదు. మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. చదువుకుని ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు మారకుండా ఉండాలి. "ఈ సాయంత్రంలోగా ఓటీపీ చెప్పకపోతే ఆఫర్ పోతుంది" అని ఫోన్లో తొందరపెడితే, ఆ మూడు రోజుల సంగతి గుర్తుచేయొచ్చు.

కానీ టాపప్ విషయంలో ఏపీఆర్ ఒక్కటే చూస్తే చాలదు. అది కొత్త లోను మొత్తాన్ని, అంటే ఐదు లక్షల ఇరవై వేలను, మనకు ఇచ్చినట్టుగానే లెక్కగడుతుంది. ఖర్చులు అంత పెద్ద మొత్తం మీద పరచుకునేసరికి శాతం చిన్నదిగా కనిపిస్తుంది. పాత లోను మూసే చార్జీ పాత ఖాతాకు చెందింది కనక కొత్త లోను ఏపీఆర్‌లో కలపలేదు. పాత బాకీ మీద పెరిగిన ఒక శాతం వడ్డీ, సాగిన రెండేళ్లు కూడా అందులో విడిగా కనబడవు. కాగితం తప్పు కాదు, అది జవాబు చెప్పే ప్రశ్న వేరు. "ఈ లోను ఖరీదెంత?" అంటే 17. "నాకు కావలసిన లక్షన్నర ఖరీదెంత?" అంటే మనమే పాత మిగులు కట్టుబడిని కొత్త కట్టుబడిలోంచి తీసేసి చూసుకోవాలి.

అయితే వద్దనుకుందామా? పాత లోను ముట్టుకోకుండా విడిగా లక్షా అరవై వేలు 16 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 5,625 అవుతుంది. మొత్తం కట్టేది 2,02,500. వడ్డీ రేటు ఒక శాతం ఎక్కువే, అయినా టాపప్‌కన్నా లక్షా ఇరవై వేలు తక్కువ. కానీ మూడేళ్లపాటు నెలకు రెండూ కలిసి 17,259 కట్టాలి. ఆమె తల అడ్డంగా ఊపింది. "పద్నాలుగు వేలు దాటితే నా వల్ల కాదు బాబాయిగారూ. పాలవాడికి, కిరాణాకి కూడా చూసుకోవాలి కదండీ." గడువు పెంచుకోవడం తప్పు కాదు, అవసరం. ఎంత పెంచుకోవాలన్నదే ప్రశ్న. అరవై నెలలు అన్నది వాళ్లు వేసిన అంకె, ఆమె అడిగిన అంకె కాదు.

మర్నాడు ఆమెచేత ఒక మెయిల్ రాయించాను. ఫోన్లో మాట్లాడితే గాలికి పోతుంది, రాతలో అడిగితే రాతలో జవాబివ్వాలి. మాటలు సూటిగానే ఉన్నాయి. పాత ఖాతా మీ దగ్గరే మారుతోంది కనక ఫోర్‌క్లోజర్ చార్జీ తీసేయండి. ప్రాసెసింగ్ ఫీజు కొత్తగా ఇచ్చే డబ్బు మీద మాత్రమే వేయండి. బీమా లేకపోతే లోను ఇవ్వరని మీ నిబంధనల్లో ఉందా, ఉంటే చూపించండి, లేకపోతే తీసేయండి. గడువు 48 నెలలు చేయండి. చేతికి లక్షన్నరకు తగ్గకుండా, అవసరానికి మించకుండా ఉండేలా మొత్తం సవరించండి.

రెండు రోజులకు కొత్త లెటర్ వచ్చింది. ఫోర్‌క్లోజర్ చార్జీ పోయింది. బీమా పోయింది. ఫీజును కొత్త డబ్బుకే పరిమితం చేయమంటే ఒప్పుకోలేదు గానీ రెండు శాతాన్ని ఒకటి చేశారు. వడ్డీ 15 శాతం దగ్గర కదల్లేదు. శాంక్షన్ ఇప్పుడు 4,99,000, గడువు 48 నెలలు, ఈఎంఐ 13,888. మూసే తేదీ ఇరవై ఒకటికి జరిగింది కనక రోజువారీ వడ్డీ 2,089 అయింది. అన్నీ పోను చేతికి 1,50,121.

రెండు లెటర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. శాంక్షన్ మొత్తం ఇరవై ఒక్క వేలు తగ్గింది, చేతికొచ్చేది ఆరు వేల ఏడొందలు పెరిగింది. ఈఎంఐ పాతదానికన్నా రెండు వేల రెండొందల పైన పెరిగింది, ఆమె గీసుకున్న గీత దాటలేదు. మొత్తం కట్టేది 6,66,624. మొదటి లెటర్‌తో పోలిస్తే డెబ్బై ఐదు వేలు తక్కువ. ఒక సంవత్సరం ముందే అప్పు తీరుతుంది. చవకైన అప్పేమీ కాదు, ఇప్పుడూ ఖరీదైనదే. కాకపోతే ఖరీదెంతో తెలిసి తీసుకున్నది.

ఇంటి లోను మీద టాపప్ తీసుకునేవాళ్లకు ఇదే చూపు కొంచెం మారుతుంది. అక్కడ రెండు ఖాతాల బాకీ కలిపి ఇంటి విలువతో పోలుస్తారు. ఆ కలిపిన మొత్తాన్ని బట్టే ఎంత ఇవ్వొచ్చో తేలుతుంది. ఆస్తి మళ్లీ విలువ కట్టించడానికీ, లీగల్ చూపించడానికీ, తాకట్టు పత్రం స్టాంపుకీ విడివిడిగా ఖర్చులు పడతాయి. పాత లోను తీరినా టాపప్ తీరేదాకా దస్తావేజులు బ్యాంకులోనే ఉంటాయి. అందుకే ఇంటి లోనుకు పన్నెండేళ్లు మిగిలి ఉంటే టాపప్‌కి కూడా పన్నెండేళ్లే వేసేస్తున్నారేమో చూసుకోవాలి. పైకప్పు బాగుచేయడానికి తీసుకున్న నాలుగు లక్షలను పన్నెండేళ్లు కట్టడం దండగ.

ఇక ముందు చెప్పిన ఆ చిక్కు. సంతకం పెట్టేముందు లెటర్‌లో ఇంకో వాక్యం కోసం వెతికాం. పాత లోనుకు ఖాతాలోంచి ప్రతినెలా కోసుకోవడానికి ఇచ్చిన నాచ్ మాండేట్‌ను ఎప్పుడు రద్దు చేస్తారన్నది. ఎక్కడా లేదు. "అది ఆటోమేటిగ్గా అయిపోతుందండీ" అన్నారట ఫోన్లో. ఇరవై ఒకటిన పాత ఖాతా మూశారు, డబ్బు పడింది. తరవాతి నెల ఐదో తారీఖున పొద్దున్నే ఆమె ఫోనుకు మెసేజీ. పాత లోను వాయిదా 11,634 కోతయింది. మూసిన లోనుకు! ఖాతాలో అంత డబ్బు ఉంది కనక సరిపోయింది. లేకపోతే కొత్త వాయిదా చెల్లక బౌన్స్ చార్జీ కూడా పడేది.

పాత లోను మూసినట్టు ఇచ్చే ఎన్‌ఓసీని అంతకుముందే అడిగి తీసుకుని ఉంది. దాన్ని జతచేసి మెయిల్ పెట్టింది. తొమ్మిదో రోజున 11,634 వెనక్కి వచ్చింది. అదే రోజు తన బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితా తెరిచి, పాతదాన్ని తనే రద్దు చేసుకుంది. సిబిల్ రిపోర్టులో పాత ఖాతా ఎదురుగా "Closed" అని పడిందో లేదో చూడ్డానికి నెలన్నర ఆగి మళ్లీ కిందికి వస్తానంది. వచ్చేటప్పుడు చదువుకునే కళ్లజోడు తెచ్చుకోమన్నాను, ఎందుకంటే ఆ రిపోర్టు అక్షరాలు లెటర్ కన్నా చిన్నవి.